గంజాయి కేసులో పట్టుబడిన బండిని విచారణ ముగియకముందే తెచ్చుకోవడం

(గాజువాక ఆటోనగర్‌లో సరుకు వాహనాల యజమానుల సమావేశంలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పోలీసులు పట్టుకున్న బండిని ఎలా విడిపించుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. అన్ని రకాల కేసుల గురించీ చెప్పబోతే ఏదీ సరిగ్గా చెప్పలేను. యాక్సిడెంట్ కేసులో బండిని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ తనిఖీ చేసి రిపోర్టు ఇచ్చాక, కాగితాలు సక్రమంగా ఉంటే మేజిస్ట్రేట్ కోర్టులో పెద్ద ఇబ్బంది ఉండదు. దొంగతనం కేసులో పోయిన బండి దొరికితే అది ఇంకా తేలిక. మీలో చాలామంది ఆశ వదిలేసుకునేది ఒక్క గంజాయి కేసులోనే. అరకు, పాడేరు, చింతపల్లి వైపు కిరాయికి వెళ్లే బండి ఉన్నవాళ్లకి ఆ భయం ఎప్పుడూ ఉంటుంది. అందుకని ఇవాళ దాని గురించే మాట్లాడతాను.

ముందు మీ చెవిన పడే మాట ఒకటి తీసేయాలి. "గంజాయి కేసు కదా, కేసు తేలేదాకా బండి రాదు" అని స్టేషన్ దగ్గర చెబుతారు, బ్రోకర్లు చెబుతారు, కొందరు వకీళ్లూ చెబుతారు. అది నిజం కాదు. మాదకద్రవ్యాల చట్టం, అంటే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో, విచారణ నడుస్తుండగా బండిని యజమానికి తాత్కాలికంగా అప్పగించకూడదని చెప్పే సెక్షన్ ఏదీ లేదు. ఈ మాట సుప్రీంకోర్టు 2025 జనవరి 7న బిశ్వజిత్ డే కేసులో తేల్చి చెప్పింది. అయితే ప్రతి బండినీ ఇచ్చేయమని మాత్రం అనలేదు. ఎవరి బండి ఇవ్వాలి, ఎవరిది ఆపాలి అన్న గీత ఎక్కడుందో మీకు తెలియాలి. మీరు వేసే పిటిషన్ నిలిచేదీ పడిపోయేదీ ఆ గీత దగ్గరే.

పేర్లు వద్దు. నేను చూసిన కొన్ని కేసుల సంగతులు కలిపి ఒక ఉదాహరణ చెబుతాను. గాజువాకలో ఒకావిడకి పికప్ వ్యాన్ ఉంది. భర్త పోయాక ఫైనాన్స్ మీద పది లక్షలకు కొన్నది. రెండేళ్లయింది, నెలనెలా వాయిదా కడుతోంది. జీతం మీద డ్రైవర్‌ని పెట్టుకుంది. అరకు వైపు నుంచి పసుపు బస్తాలు తెచ్చే కిరాయి వచ్చింది. డ్రైవర్ సరుకు ఎక్కించుకుని ఎస్.కోట మీదుగా వస్తూ, దారిలో చెయ్యెత్తిన ఒకతన్ని డబ్బులు తీసుకుని ఎక్కించుకున్నాడు. అతని సంచులు వెనక టార్పాలిన్ కింద పెట్టించాడు. పెందుర్తి దగ్గర పోలీసులు ఆపారు. ఆ సంచుల్లో 22 కిలోల గంజాయి దొరికింది. గంజాయి 20 కిలోలు దాటితే చట్టం దాన్ని వాణిజ్య పరిమాణం అంటుంది. శిక్షా పెద్దదే, బెయిలూ కష్టమే. ప్రయాణికుడు మొదటి నిందితుడు, డ్రైవర్ రెండో నిందితుడు. యజమానురాలి పేరు ఎఫ్ఐఆర్‌లో లేదు. బండి స్టేషన్ ఆవరణలో ఉంది.

ఆవిడ మొదట చేయాల్సింది స్టేషన్ చుట్టూ తిరగడం కాదు. వాణిజ్య పరిమాణం ఉన్న కేసులో స్టేషన్ అధికారికి బండి ఇచ్చే అధికారం లేదు, ఎంత బతిమాలినా ఇవ్వలేడు. అక్కడి నుంచి తెచ్చుకోవాల్సినవి రెండే కాగితాలు. ఒకటి ఎఫ్ఐఆర్, రెండోది మధ్యవర్తుల నివేదిక. మనవాళ్లు పంచనామా అంటారే, అదే. ఎఫ్ఐఆర్ పోలీసు శాఖ వెబ్‌సైట్‌లో దొరక్కపోతే కోర్టులో నకలుకి దరఖాస్తు పెట్టవచ్చు. డ్రైవర్‌ని రిమాండ్‌కి పంపినప్పుడు పోలీసులు కోర్టుకి ఇచ్చిన రిమాండ్ రిపోర్టు కూడా సంపాదించాలి. ఈ మూడింటిలో గంజాయి బండిలో ఎక్కడ దొరికిందని రాశారు, డ్రైవర్ ఏం చెప్పాడని రాశారు, యజమాని గురించి ఏమైనా ఒక్క వాక్యమైనా ఉందా, ఇవి కళ్లు పెట్టి చదవాలి. వకీలు దగ్గరికి వెళ్లాక ఆయన అడిగే మొదటి ప్రశ్నలు ఇవే.

గంజాయి ఎక్కడ దొరికిందన్నది చాలా పెద్ద విషయం. ప్రయాణికుడి సంచిలో దొరకడం వేరు, డ్రైవర్ సీటు కింద దొరకడం వేరు. బండి అడుగున రేకు కోసి, వెల్డింగ్ చేసి తయారుచేసిన రహస్య అరలో దొరకడం పూర్తిగా వేరు. అలాంటి అర ఉంటే బండే ఒక సాక్ష్యం అవుతుంది. యజమానికి తెలియకుండా ఆ పని ఎలా జరిగిందని కోర్టు అడుగుతుంది, అడగాలి కూడా. అలాంటి కేసులో మధ్యంతర కస్టడీ, అంటే విచారణ ముగియకముందే బండి తాత్కాలికంగా చేతికి రావడం, దొరుకుతుందని నేను ఎవరికీ మాట ఇవ్వను.

ఇప్పుడు సుప్రీంకోర్టు గీసిన గీత దగ్గరికి వద్దాం. బిశ్వజిత్ డే అస్సాంలో ఒక లారీ యజమాని. ఆ లారీ కూడా అప్పు మీద కొన్నదే, ఆయనకి అదే జీవనాధారం. లారీలో ఎక్కిన ఒక మనిషి దగ్గర సబ్బు పెట్టెల్లో దాచిన హెరాయిన్ దొరికింది. ఛార్జిషీటులో యజమాని పేరు లేదు, డ్రైవర్ పేరూ లేదు. అయినా కింది కోర్టూ, గౌహతి హైకోర్టూ లారీ ఇవ్వలేదు. సుప్రీంకోర్టు ఇచ్చింది. ఇస్తూ నాలుగు పరిస్థితులు విడదీసి చెప్పింది. యజమాని దగ్గరే మత్తు పదార్థం దొరకడం మొదటిది. యజమాని పెట్టుకున్న డ్రైవర్ దగ్గరో క్లీనర్ దగ్గరో దొరకడం రెండోది. దొంగిలించిన బండిలో దొరకడం మూడోది. యజమానికి తెలిసినట్టు ఎలాంటి ఆరోపణా లేకుండా, బండిలో ఎక్కిన మూడో మనిషి దగ్గర దొరకడం నాలుగోది. మొదటి రెండింట్లో, నిందితులు తమపై ఉన్న రుజువు భారం తీర్చుకునేదాకా బండి ఇవ్వకపోవచ్చు. చివరి రెండింట్లో మామూలుగా బాండు తీసుకుని ఇచ్చేయాలి.

మన గాజువాక ఆవిడ కేసు వీటిలో ఏది? గంజాయి ప్రయాణికుడి సంచిలో దొరికింది కనుక నాలుగోది అనిపిస్తుంది. కానీ డ్రైవర్ రెండో నిందితుడు. అందుకని ప్రభుత్వ న్యాయవాది లేచి ఇది రెండోది అంటారు. పోరాటమంతా ఇక్కడే జరుగుతుంది. డ్రైవర్ మీద ఉన్న ఆధారం ఏమిటో చూడాలి. అతని ఫోన్‌లోంచి ఆ ప్రయాణికుడికి ముందు రోజుల్లో కాల్స్ ఉన్నాయా? డ్రైవర్ దగ్గర కిరాయికి మించిన డబ్బు దొరికిందా? లేక "బండి నడుపుతున్నది ఇతనే" అని మాత్రమే చేర్చారా? ఈ చివరిదే అయితే ఆ మాటే పిటిషన్‌లో సూటిగా రాయాలి. ఇది మార్చలేని సూత్రం కాదని, కేసు వాస్తవాలను బట్టి కింది కోర్టులు వేరేలా తేల్చవచ్చని సుప్రీంకోర్టు అన్న మాటను కూడా మన వకీళ్లు పట్టుకోవాలి. ఇవ్వకపోవచ్చు అంటే ఎన్నడూ ఇవ్వకూడదని కాదు. డ్రైవర్ నిందితుడైనంత మాత్రాన తలుపు పూర్తిగా మూసుకుపోదు, కాకపోతే యజమాని తన వైపు నుంచి ఎక్కువ చూపించాలి.

ఏం చూపించాలో తెలియాలంటే మాదకద్రవ్యాల చట్టం 60వ సెక్షన్, మూడో ఉపసెక్షన్ ఏం అడుగుతుందో చూడాలి. కేసు చివర్లో బండిని ప్రభుత్వానికి జప్తు చేస్తారా లేదా అన్నది తేల్చే సెక్షన్ అది. బండి జప్తు కాకుండా ఉండాలంటే యజమాని రుజువు చేయాల్సింది ఇది: తనకి గానీ, తన ఏజెంటుకి గానీ, బండి ఎవరి చేతిలో ఉందో ఆ మనిషికి గానీ విషయం తెలియదు, సహకారం లేదు. అంతేకాదు, వాళ్లలో ప్రతి ఒక్కరూ తీసుకోవాల్సిన జాగ్రత్తలన్నీ తీసుకున్నారు. గమనించారా, "నాకు తెలియదు" అన్న ఒక్క మాట సరిపోదు. డ్రైవర్‌కీ తెలియదని చూపాలి, జాగ్రత్త పడ్డామనీ చూపాలి. చాలామంది పిటిషన్లు "నేను అమాయకుణ్ణి, నాకు ఏమీ తెలియదు" అని రాసి ఆపేస్తారు. జాగ్రత్త గురించి ఒక్క అక్షరం ఉండదు. అలాంటి పిటిషన్ కొట్టేస్తే కోర్టుని తప్పుపట్టలేం.

జాగ్రత్తకి రుజువు కాగితాల రూపంలో ఉండాలి. ఆవిడ దగ్గర ఏమేం దొరికాయో చెబుతాను. సరుకు ఎక్కించిన వ్యాపారి ఇచ్చిన బిల్లు, వే బిల్లు ఉన్నాయి. బండి ఏ పని మీద వెళ్లిందో అవి చెబుతాయి. జీపీఎస్ పెట్టించింది కనుక ఆ రోజు బండి ఎక్కడెక్కడ ఆగిందో రికార్డు ఉంది. దారి మళ్లి ఏ అడవి దారిలోకీ వెళ్లలేదు, మెయిన్ రోడ్డు మీద ఒక్కచోటే కొద్దిసేపు ఆగింది. డ్రైవర్‌ని పెట్టుకున్నప్పుడు లైసెన్సు నకలు తీసుకుని, "సరుకు బండిలో ప్రయాణికులను ఎక్కించను" అని కాగితం మీద సంతకం పెట్టించింది. వాట్సాప్‌లో కూడా అదే మాట చెప్పిన మెసేజ్ ఉంది. జీతం బ్యాంకు ఖాతా ద్వారా ఇచ్చిన వివరాలు ఉన్నాయి. ఆవిడ మీద, బండి మీద ఇంతకుముందు ఏ కేసూ లేదు. ఇవన్నీ పిటిషన్‌కి జత చేస్తే కథ నిలబడుతుంది. జీపీఎస్ రికార్డు కొన్ని నెలల తర్వాత కంపెనీ సర్వర్లో ఉండకపోవచ్చు, ఫోన్ పోవచ్చు, పాత మెసేజ్‌లు చెరిగిపోవచ్చు. అందుకని బండి పట్టుబడ్డ వారంలోనే వీటిని భద్రపరచండి. ఇవాళ ఈ సభలో ఉన్న యజమానులు రేపు చేయగలిగింది ఒకటుంది. డ్రైవర్ దగ్గర అలాంటి కాగితం ఇప్పుడే రాయించుకోండి. కేసు అయ్యాక పాత తేదీ వేసి రాయించుకున్న కాగితం పోలీసుల కంట పడితే, మీరే నిందితులు అవుతారు.

(సభలో నుంచి ఒకాయన: సార్, నా బండి నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఆర్‌సీ ఇంకా పాత ఓనర్ పేరు మీదే ఉంది. నేను వేయొచ్చా?)

బాబూ, ఈ ప్రశ్న అడిగి మంచి పని చేశారు. బండి ఎవరి దగ్గర తిరుగుతుందో అని కోర్టు చూడదు, ముందుగా ఆర్‌సీలో ఎవరి పేరుందో చూస్తుంది. మోటారు వాహనాల చట్టంలో యజమాని అంటే రిజిస్టరు అయిన మనిషే. ఫైనాన్స్ మీద ఉన్న బండి అయితే ఆ ఒప్పందం కింద బండి తన దగ్గర ఉన్న మనిషి. మీరు చెప్పిన పరిస్థితిలో పాత ఓనర్ చేతే పిటిషన్ వేయించాలి, లేదా ఆయన మీకు అధికారం ఇస్తూ రాసిన పత్రమూ, అభ్యంతరం లేదన్న అఫిడవిట్టూ జత చేయాలి. ఆయన ఊళ్లో లేకపోయినా, మీ మీద కోపంగా ఉన్నా, చనిపోయినా పని ఎంత చిక్కుపడుతుందో మీరే ఊహించుకోండి. యాజమాన్య బదిలీ గురించి కొన్నవాళ్లు ముప్పై రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని చట్టం చెబుతోంది. రేపే ఆ పని చేసుకోండి.

ఫైనాన్స్ ఉన్న బండికి ఇంకో మెలిక. కొన్నిసార్లు ఫైనాన్స్ కంపెనీ కూడా "బండి మాకు ఇవ్వండి" అని వేరే పిటిషన్ వేస్తుంది. వాయిదాలు బకాయి పడితే అది మరీ ఎక్కువ. అందుకని పిటిషన్ వేసేముందే కంపెనీ దగ్గరికెళ్లి, మీకు ఇవ్వడానికి అభ్యంతరం లేదని ఒక లేఖ తెచ్చుకోండి. బకాయి ఉంటే ఎంత ఉందో దాచొద్దు.

ఇక పిటిషన్ ఎక్కడ, ఏ సెక్షన్ కింద వేయాలి? మామూలు కేసులైతే ఆ స్టేషన్ పరిధిలోని మేజిస్ట్రేట్ కోర్టు. గంజాయి కేసులో వాణిజ్య పరిమాణం కనుక ఎన్‌డీపీఎస్ కేసులు చూసే ప్రత్యేక న్యాయస్థానం, అంటే మన జిల్లా కోర్టుల ప్రాంగణంలో ఆ అధికారం ఉన్న సెషన్స్ స్థాయి కోర్టు. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. పాత 451 ఇప్పుడు 497 అయింది, పాత 457 ఇప్పుడు 503. ఆస్తిని కోర్టు ముందు హాజరుపరిచి ఉంటే 497 వర్తిస్తుంది. పట్టుకున్నామని కోర్టుకి తెలియజేసి, హాజరు మాత్రం పరచకపోతే 503 వర్తిస్తుంది. బండి స్టేషన్‌లోనే ఉంది కదా, ఏది పెట్టాలి అని వాదన రాకుండా వకీళ్లు రెండూ రాస్తారు. దానికి మాదకద్రవ్యాల చట్టంలోని 51వ సెక్షన్ కలుపుతారు. ఈ చట్టానికి విరుద్ధంగా లేనంతవరకు సోదాలకీ స్వాధీనాలకీ మామూలు ప్రక్రియా చట్టమే వర్తిస్తుందని ఆ సెక్షన్ చెబుతుంది.

కొత్త చట్టంలో మీకు పనికొచ్చే మార్పు ఒకటి వచ్చింది. ఆస్తి కోర్టు ముందుకొచ్చిన 14 రోజుల్లో దాని వివరాల పట్టిక తయారుచేయాలి, ఫొటోలు తీయించాలి, అవసరమైతే వీడియో తీయించాలి. ఆ పట్టికా ఫొటోలూ విచారణలో సాక్ష్యంగా పనికొస్తాయి. తర్వాత 30 రోజుల్లో ఆస్తిని ఏం చేయాలో ఆదేశం ఇవ్వాలి. ఇక్కడ లెక్క మొదలయ్యేది ఆస్తి కోర్టు ముందుకు వచ్చినప్పటి నుంచి, బండి పట్టుబడ్డ రోజు నుంచి కాదు. స్టేషన్‌లో ఉన్న బండిని ఎవరూ కోర్టు దృష్టికి తేకపోతే ఆ గడువు మీకు అక్కరకు రాదు. అందుకే పిటిషన్‌లోనే వివరాల పట్టిక, ఫొటోలు తీయించమని కూడా అడగాలి.

ఆలస్యం చేయకూడదనడానికి ఇంకో గట్టి కారణం ఉంది. మాదకద్రవ్యాల చట్టం 52ఏ సెక్షన్ కింద, దానికి తోడుగా 2022లో వచ్చిన నియమాల కింద, పట్టుకున్న సరుకుతో పాటు వాహనాలను కూడా విచారణ పూర్తికాకముందే వదిలించుకునే ఏర్పాటు ఉంది. మాదకద్రవ్యాల డిస్పోజల్ కమిటీ వాటిని వేలం వేయవచ్చు. ఆ నియమాలు వచ్చాక యజమానికి బండి ఇచ్చే అధికారం కోర్టుకి లేదని కొన్ని చోట్ల తిరస్కరించారు. ఆ అభిప్రాయం సరికాదని, ప్రత్యేక కోర్టుకి మధ్యంతర కస్టడీ ఇచ్చే అధికారం అలాగే ఉందని సుప్రీంకోర్టు 2025లో తమిళనాడు నుంచి వచ్చిన ఒక లారీ కేసులో చెప్పింది. ఆ వాదన ఎవరైనా లేవదీస్తే మీ వకీలు ఆ తీర్పు చూపించాలి. కానీ వేలం నోటీసు వచ్చాక పరుగెత్తడం కంటే ముందే పిటిషన్ వేయడం మేలు.

పిటిషన్ వేశాక ప్రభుత్వ న్యాయవాదికి నోటీసు వెళ్తుంది, పోలీసులు కౌంటర్ వేస్తారు. ఆ కౌంటర్లో ఏముంటుందో దాదాపు ముందే చెప్పవచ్చు. దర్యాప్తు పూర్తికాలేదంటారు. బండిని మళ్లీ అదే పనికి వాడతారంటారు. చివర్లో జప్తు కావలసిన బండి అంటారు. మొదటిదానికి జవాబు: బండిని దర్యాప్తులో ఇంకా ఏం పరీక్షించాలో చెప్పమనండి. ఫోరెన్సిక్ ల్యాబుకి వెళ్లేది గంజాయి నమూనా, బండి కాదు. రెండోదానికి: పాత కేసులు లేవన్న రుజువు, జీపీఎస్, మీరు కోర్టుకిచ్చే హామీ. మూడోది అసలైన అభ్యంతరం. దానికి జవాబు ఏమిటంటే, మీరు అడుగుతున్నది జప్తు రద్దు కాదు. చివర్లో జప్తు చేయాలని కోర్టు అనుకుంటే బండి గానీ దాని విలువ గానీ చేతికి అందేలా షరతులు పెట్టమనే అడుగుతున్నారు. జప్తు గురించి తేల్చేముందు యజమాని మాట వినాలని, స్వాధీనం చేసుకున్న నెలలోపు జప్తు ఆదేశం ఇవ్వకూడదని 63వ సెక్షన్ చెబుతుంది. ఆ పోరాటం తర్వాత వస్తుంది, అప్పుడు మళ్లీ రుజువులు చూపించాలి. బండి ఇంటికొచ్చింది కదా అని ఆ నోటీసు వచ్చినప్పుడు కోర్టుకి వెళ్లకుండా ఉండొద్దు.

బండిని స్టేషన్‌లో ఉంచడం వల్ల ఎవరికీ లాభం లేదన్న మాట కొత్తది కాదు. 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులోనే సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది. బాండు, పూచీ తీసుకుని త్వరగా ఇచ్చేయమంది, ముందుగా ఫొటోలు తీసి పంచనామా రాయమంది. 2010లో జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ మన రాష్ట్రం మీదే వేసిన కేసులో ఆ తీర్పును అమలు చేయమని మళ్లీ ఆదేశాలిచ్చింది. మన ఊళ్లో ఈ మాటకి ఇంకా బలం ఉంది. సముద్రపు ఉప్పుగాలికి ఒక్క వర్షాకాలం ఆరుబయట నిలబడ్డ పికప్ ఛాసిస్ చూసినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు. బ్యాటరీ చచ్చిపోతుంది, టైర్లు ఒకేచోట ఆని పగుళ్లిస్తాయి, బ్రేకు డ్రమ్ములు పట్టేస్తాయి. చివరికి జప్తు చేసినా ప్రభుత్వానికి దక్కేది తుక్కే. పిటిషన్‌లో స్టేషన్ ఆవరణలో ఉన్న బండి ఫొటో ఒకటి పెట్టమని నేను అందుకే అంటాను.

ఇప్పుడు షరతుల సంగతి, ఇక్కడ కాస్త లెక్క ఉంది. బిశ్వజిత్ డే కేసులో పెట్టిన షరతులు చూడండి. బండి వీడియో, ఫొటోలు తీసి దర్యాప్తు అధికారి, యజమాని, నిందితుడు సంతకాలు పెట్టాలి. విచారణ ముగిసేదాకా బండి అమ్మకూడదు. కోర్టు అడిగితే వారంలోగా బండి అప్పగించాలి, లేదా కోర్టు ఆదేశిస్తే దాని విలువ కట్టాలి. ఆ విలువ ఎలా లెక్కేయాలంటే, విడుదల చేసిన రోజున ఆదాయపన్ను చట్టం ప్రకారం.

కిరాయికి తిప్పే సరుకు వాహనానికి ఆదాయపన్ను లెక్కలో తరుగుదల ఏటా 30 శాతం. ఆవిడ బండి పది లక్షలది. మొదటి ఏడాది తరుగు మూడు లక్షలు పోతే ఏడు లక్షలు మిగిలింది. రెండో ఏడాది ఏడు లక్షల మీద 30 శాతం, అంటే రెండు లక్షల పది వేలు పోతే మిగిలింది నాలుగు లక్షల తొంభై వేలు. ఆవిడ పూచీ పడాల్సిన విలువ అదీ. ఈ లెక్క ఆడిటరు చేత రాయించి పిటిషన్‌తో పెట్టకపోతే, కోర్టు ముందు ఉండేది ఇన్‌వాయిస్ ఒక్కటే. అప్పుడు పది లక్షల బాండు, అంతకు ఇద్దరు జామీనుదారులు అన్న ఆదేశం రావచ్చు. కొన్నిసార్లు బ్యాంకు గ్యారంటీ కూడా అడుగుతారు. వాయిదాలు కట్టే మనిషి దగ్గర గ్యారంటీకి పెట్టే డబ్బెక్కడిది? షరతు మోయలేనిదైతే, ఆదేశం వచ్చిన కోర్టులోనే షరతు సవరించమని పిటిషన్ వేయవచ్చు. ఆదేశం వచ్చి నెలలు గడిచినా జామీను దొరక్క బండి స్టేషన్‌లోనే ఉండిపోయిన వాళ్లని నేను చూశాను. సవరణ అడగవచ్చన్న సంగతే వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

(సభలో నుంచి ఒకావిడ: అసలు ఇవ్వనని కొట్టేస్తే ఏం చెయ్యాలండీ?)

అమ్మా, రెండు దారులున్నాయి. ప్రత్యేక కోర్టు సెషన్స్ స్థాయి కనుక పైకి వెళ్లేది అమరావతిలోని హైకోర్టుకి. కొట్టేసిన ఆదేశంలో కారణాలు చదివి, చట్టం తప్పుగా చదివారనిపిస్తే వెంటనే వెళ్లాలి. "దర్యాప్తు సాగుతోంది, ఇప్పుడే ఇవ్వలేం" అన్న కారణంతో కొట్టేస్తే, ఛార్జిషీటు వచ్చేదాకా చూసి మళ్లీ అదే కోర్టులో వేయవచ్చు. వాణిజ్య పరిమాణం ఉన్న కేసులో ఛార్జిషీటుకి మామూలు గడువు 180 రోజులు. ఆ ఛార్జిషీటులో మీ పేరు నిందితుల్లో లేకపోతే పరిస్థితి మారినట్టే. రెండో పిటిషన్‌కి అదే మొదటి పేరా కావాలి. డ్రైవర్‌ని కూడా వదిలేసి, ప్రయాణికుడి మీదే ఛార్జిషీటు వేస్తే మీ కేసు నాలుగో పరిస్థితిలోకి సూటిగా వచ్చి పడుతుంది. వకీలుకి ఫీజు కట్టలేని ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకోండి.

ఆదేశం వచ్చాక పని అయిపోయిందనుకుంటారు. ఇంకా కొంత ఉంది. జామీనుదారులు ఇంటి పన్ను రశీదు గానీ, జీతం సర్టిఫికెట్ గానీ, ఆధార్‌తో పాటు తెచ్చుకుని జడ్జిగారి ముందు నిలబడాలి. బాండ్లు అంగీకరించాక కోర్టు నుంచి స్టేషన్‌కి విడుదల ఉత్తర్వు వెళ్తుంది. బండి తీసుకునేటప్పుడు తొందరపడి సంతకం పెట్టకండి. మధ్యవర్తుల నివేదికలో బండితో పాటు ఏమేం ఉన్నాయని రాశారో అది చేతిలో పట్టుకుని, స్టెప్నీ, బ్యాటరీ, జాకీ, టార్పాలిన్, జీపీఎస్ యూనిట్ ఒక్కొక్కటి సరిచూసుకోండి. ఏదైనా లేకపోతే రశీదు మీదే ఆ మాట రాసి సంతకం పెట్టండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు కనబడేలా మీరు కూడా ఫొటోలు తీసుకోండి.

తర్వాత వెంటనే తాళం తిప్పి రోడ్డెక్కకండి. బండి లోపల ఉన్న నెలల్లో ఇన్సూరెన్స్ ముగిసి ఉండవచ్చు, ఫిట్‌నెస్ ముగిసి ఉండవచ్చు. ఇన్సూరెన్స్ లేకుండా స్టేషన్ నుంచి ఇంటికి నడుపుతూ ఎవరినైనా గుద్దితే, ఆ పరిహారం మొత్తం మీ నెత్తిన పడుతుంది. టోయింగ్ చేయించి గ్యారేజీకి తీసుకెళ్లండి, పాలసీ కట్టాకే తిప్పండి. బండి స్టేషన్‌లో ఉన్నంతకాలం తిరగడం లేదని రవాణా శాఖకు రాతపూర్వకంగా ముందే తెలియజేయండి, లేకపోతే త్రైమాసిక పన్ను బకాయిగా పేరుకుపోయి కూర్చుంటుంది.

బండి చేతిలో ఉన్నంతకాలం రంగు మార్చకండి, బాడీ మార్చకండి, ఇంజిన్ మార్చాల్సి వస్తే ముందు కోర్టు అనుమతి తీసుకోండి. ఇల్లు మారితే కొత్త చిరునామా కోర్టుకి తెలియజేయండి. బండి తెమ్మని పాత చిరునామాకి వెళ్లిన నోటీసు తిరిగొస్తే బాండు సొమ్ము వసూలుకి చర్యలు మొదలవుతాయి, మీతో పాటు జామీను ఉన్నవాళ్ల మీద కూడా. కేసు తేలి, బండి జప్తు చేయనక్కర్లేదని తీర్పులో వస్తే, బాండు రద్దు చేసి జామీనుదారులను విడుదల చేయమని ఒక చిన్న మెమో వేయాలి. బండి మీకు పూర్తిగా ఇచ్చేసినట్టు తీర్పులో రాశారో లేదో చూసుకుని, ఆ నకలు ఆర్‌సీతో పాటు దాచుకోండి. రేపు బండి అమ్మబోతే రవాణా శాఖ ఆఫీసులో ఆ కాగితమే అడుగుతారు.